గజలునందలి షేరులు, రదీఫు: ఏకవాక్యతావిచారము

ఇతరపద్యముల అపేక్ష లేక తనయందే అర్థపరిసమాప్తి గల పద్యమును ముక్తకమని మన ఆలంకారికులు వ్యవహరించిరి. దండి కావ్యాదర్శమున ముక్తకమును కులకకోశసంఘాతములతోపాటు పేర్కొనెను. ఆనందవర్ధనుడు అమరుకుని ముక్తకములను ప్రబంధములకు తీసిపోని రసనిర్భరములుగా గణించెను. ఈ పరిభాషలో పెరిగిన మనకు పారసీకమునుండి ఉర్దూలోనికి వచ్చిన గజలు అపరిచితము కారాదు. అందలి ప్రతి షేరు రెండు పాదముల ముక్తకమే. అయినను గజలును గూర్చి మనవారు వ్రాయు వ్యాసములలో ఒక దోషము తరచుగా కనబడుచున్నది. విడివిడి షేరులకు ఒక కథను కల్పించి, దానినే గజలుయొక్క ఏకత్వమని ప్రతిపాదించుట ఆ దోషము. పరులను నిందింపబోవుట లేదు. ఆ పని నేనును చేసితిని.

చాలకాలము క్రిందట గాలిబు దివానునందలి మొదటి గజలుపై ఒక వ్యాసము వ్రాసితిని. అది అయిదు షేరుల గజలు. మొదటిదానిలో చిత్రపటము తన్ను లిఖించినవానిపై మొరపెట్టుకొనును. దాని వస్త్రము కాగితము. మొరపెట్టుకొనువాడు కాగితపు వస్త్రము ధరించి ప్రభువు ముందు నిలుచుట ఇరానుదేశపు ఆచారమని గాలిబే తన లేఖయొకదానిలో వివరించెను. రెండవదానిలో ఒంటరిరాత్రిని తెల్లవార్చుట ఫర్హాదు కొండను త్రవ్వి పాలకాలువను తెచ్చుటతో సమానమగును. మూడవది అదుపులేని కాంక్షను, ఖడ్గమును గూర్చినది. నాలుగవదానిలో వినువారి బుద్ధి ఎంత వల పన్నినను కవివాక్కులోని ఆశయము అన్‌కా పక్షివలె చిక్కదు. అయిదవదానిలో బంధితుడైన కవి కాలిక్రింద నిప్పున్నట్లు నిలువలేకున్నాడు. సంకెలలోని కడియము నిప్పు సోకిన వెంట్రుకయగుచున్నది. ఈ అయిదింటిని నేను సోపానములుగా అమర్చితిని: మొర, విరహము, కాంక్ష, వాక్కుయొక్క అశక్తి, చివరకు బంధనము. వ్యాసము నాకు మిక్కిలి నచ్చినది.

ఉర్దూ బోధించు మిత్రుడొకరు దానిని చదివి, "శాస్త్రిగారూ, రెండవ షేరును నాలుగవదాని స్థానమున పెట్టినచో ఏమి చెడును?" అని మాత్రము అడిగిరి. నేను ఇంటికి వచ్చి మార్చి చూచితిని. ఏమియు చెడలేదు. నడుమనున్న మూడు షేరులను ఆరు విధములుగా అమర్చవచ్చును. ప్రతి అమరికకును నా వంటివాడు ఒక సోపానక్రమమును చెప్పగలడు. ఏ క్రమమునకైనను సరిపడు వ్యాఖ్యానము ఈ క్రమమునకు ప్రమాణము కాజాలదు.

మొదటి షేరును, చివరి షేరును కదల్చరాదు కదా యని శంక కలుగవచ్చును. వానికి స్థాననియమము కలదు. అయితే అది లక్షణమునుండి వచ్చినది, అర్థమునుండి కాదు. మొదటి షేరు మత్లా. దాని రెండు పాదములును ప్రాసపదముతోను, రదీఫుతోను ముగియును. తక్కిన షేరులలో రెండవ పాదము మాత్రమే అట్లు ముగియును, మొదటి పాదము స్వేచ్ఛగా నుండును. కవినామము గల చివరి షేరు మక్తా. కనుక మత్లా మొదట నిలుచుట, మక్తా చివర నిలుచుట భావపరిణామమునకు సాక్ష్యములు కావు.

మఱియొక సంగతి. ఈ గజలునకు చెందిన మఱికొన్ని షేరులు తొలినాటి వ్రాతప్రతులలో గలవు. గాలిబు జీవితకాలమున 1841లో తొలుత అచ్చయిన దివానులో అవి లేవు. యౌవనమున వ్రాసినదానిని కవియే ఏరి తగ్గించుకొనెను. 1821నాటి భోపాలు ప్రతి 1921లో అచ్చయినపిదప ఆ ఏరివేత ఎంతటిదో లోకమునకు తెలిసినది. ఒక సర్గనుండి కొన్ని శ్లోకములను తీసివేసినచో కథ కుంటువడును. ఇచ్చట తీసివేసినను గజలు గజలుగానే నిలిచినది. తొలగించి చూచు పరీక్షను కవియే మనకొరకు చేసి పెట్టెను.

అట్లయిన ఈ అయిదు షేరులను ఒకటిగా పట్టియుంచునది ఏది? మొదటిది ఛందస్సు. గురు లఘు గురు గురువులు మూడుమారులు, పిదప గురు లఘు గురువులు; పాదమునకు పదునైదు అక్షరములు. రెండవది కాఫియా యను అంత్యప్రాస: తహ్‌రీర్, తస్వీర్, షీర్, షంషీర్, తఖ్‌రీర్, జంజీర్. మూడవది రదీఫు. ఈ గజలులో రదీఫు 'కా' యను ఒక్క అక్షరము. అది నామమైనను కాదు, క్రియయైనను కాదు, షష్ఠీప్రత్యయము.

మీమాంసకులు చెప్పిన అనుషంగము నాకు ఇచ్చటనే స్ఫురించినది. యజమానుని పవిత్రీకరించు మంత్రములు మూడు గలవు: ఒకటి చిత్పతిని, ఒకటి వాక్పతిని, ఒకటి సవితృదేవుని కర్తగా చెప్పును. పవిత్రమును, సూర్యరశ్ములను పేర్కొను పదసముదాయము మూడవదాని చివర మాత్రమే పఠింపబడినను, మూడింటితోను సమానముగా అన్వయించునని సిద్ధాంతము. అయినను ఆ మూడును ఒకే వాక్యమగునని మీమాంసకుడు చెప్పడు. పదము సాధారణము, వాక్యములు భిన్నములు. విభజించినపుడు ఆకాంక్ష మిగిలిననే ఏకవాక్యత. ఆకాంక్ష లేనిచోట దానిని కల్పించుట దోషము. రదీఫు ఇట్టి సాధారణపదమే. భేదమేమనగా అనుషంగమున ఒకచోటి పదమును బుద్ధితో తక్కినచోట్లకు కొనిపోదుము. గజలులో అది ప్రతి షేరునందును చెవికి వినబడును.

ఆ 'కా' ప్రతిచోట చేయు పనిని పరికింపుడు. మత్లా మొదటి పాదమున మొర దేనిని గూర్చినదో ఆ విషయమును అది తెలుపును; రెండవ పాదమున వస్త్రము ఎవరిదో చెప్పును. రెండవ షేరులో తెచ్చుట యను కృదంతమునకు పాలకాలువ కర్మము; కృద్యోగమున కర్మకు షష్ఠిని విధించిన పాణినికి ఇది చిరపరిచితము. మూడవదానిలో ఖడ్గముయొక్క 'దమ్' అనబడినది. ఆ శబ్దమునకు ఊపిరియనియు వాదరయనియు అర్థములుండుటచే షష్ఠి ఒకవైపు అవయవసంబంధమును, మఱియొకవైపు ప్రాణిధర్మమును సూచించును. నాలుగవదానిలో వాక్ప్రపంచమునకును ఆశయమునకును గల సంబంధము. అయిదవదానిలో సంకెలకును కడియమునకును గల అవయవావయవిభావము. షష్ఠికి నూటొక్క అర్థములని పతంజలి చెప్పినది ఈ సందర్భమునకే యనిపించును. ప్రత్యయము ఒక్కటి, సంబంధములు భిన్నములు. పైగా 'కా' పాదాంతమున నుండుటచే దానికి సంబంధించిన నామము ముందే వచ్చియుండును. వినువాడు వెనుకకు మరలి దానిని పట్టుకొనవలెను. ప్రతి షేరునందును మరల జరుగునది ఈ అన్వయవ్యాపారము. గజలుయొక్క ఏకత్వమును గూర్చి వ్రాయదలచినవాడు దీనిని చూపినచో కొంత చూపినవాడగును.

మన శతకమకుటముతో రదీఫును పోల్చుట వాడుక. పోలిక యున్నది: శతకపద్యములును ముక్తకములే, మకుటమును మరల మరల వచ్చును. కాని మకుటము ప్రాయికముగా సంబోధన. సంబోధన కారకసంబంధమునకు వెలుపలిది. సుమతిశతకపద్యమునుండి 'సుమతీ' యను పిలుపును తొలగించినను వాక్యము కుంటుపడదు, ఛందస్సు మాత్రము చెడును. 'కా'ను తొలగించినచో వాక్యమే విరుగును. రదీఫు లేని గజలులు లేకపోలేదు. అట్టివానియందు కాఫియాయే ఆ భారమును వహించును. రదీఫు ఉన్నచోట మాత్రము అది వాక్యమునకు అలంకారము కాక అంగమై యుండుట సామాన్యము.

ఈ పొరపాటు తెలుగువారియందు విశేషముగా కలుగుటకు ఒక కారణము గలదని నా అభిప్రాయము. తెలుగున షష్ఠి సంబంధినామమునకు ముందు వచ్చును. 'కత్తియొక్క వాదర' యందుము, తిరుగవేసి 'వాదర కత్తియొక్క' యని పాదమును ముగింపము. కావున ఈ గజలును తెనిగించునపుడు రదీఫు మొట్టమొదట జారిపోవును. దాశరథివారు గాలిబును తెనిగించినపుడు షేరులను విడివిడి గీతములుగా గ్రహించిరి. అది న్యాయమైన మార్గము. కాని అయిదు షేరులను వరుసగా వచనములో చదివినవాడు ప్రాసను వినడు, రదీఫును వినడు, ఛందస్సును వినడు. బంధమేదియు కనబడనందున అర్థమున బంధమును వెదకును, వెదకినవానికి దొరకకపోదు. నా వ్యాసమును నేను వ్రాసినది అట్టి వచనానువాదమును ముందు పెట్టుకొనియే.

ఇంత చెప్పినంతమాత్రమున గజలులో అర్థైక్యము ఎన్నడును ఉండదని కాదు. ఆ పక్షమును సమానముగా తప్పు. ఒకే విషయమును తుదివరకు నడుపు గజలును ముసల్‌సల్ అందురు. గజలు నడుమ కొన్ని షేరులు కలిసి ఒకే అభిప్రాయమును చెప్పినచో ఆ సముదాయము కితా. ముద్రణలో 'కాఫ్' అక్షరముతో దానిని గుర్తించుట గలదు. మన యుగ్మక కులకములకు ఇది సమీపబంధువు. కితాకు పేరు పెట్టి గుర్తింపవలసి వచ్చినదనగా, గుర్తులేనిచోట షేరులు స్వతంత్రములనుటయే సామాన్యనియమమని తేలుచున్నది.

గాలిబుదే మఱియొక గజలు దీనికి మంచి నిదర్శనము. అందు రదీఫు 'హై' యను క్రియాపదము. మత్లాలో చీకటియింట తెల్లవారుటకు సాక్ష్యమైన దీపమొక్కటే, అదియు మూగవోయినది. నడుమ ఏడు షేరుల కితా గలదు: వినోదములకు క్రొత్తగా వచ్చినవారిని కవి హెచ్చరించును, రాత్రి పూలబుట్టవలెనున్న సభను వర్ణించును, తెల్లవారినపిదప అచ్చట ఏమియు లేదనును. చివర మిగిలినది ఒక దీపము, అదియు మూగదే. ఇచ్చట నా మిత్రుని పరీక్షను ప్రయోగించితిని. ఉదయమును రాత్రికి ముందు పెట్టినచో హెచ్చరిక అర్థహీనమగును. ఒక్క షేరును తీసినను ఆకాంక్ష మిగులును. ఇది ఏకవాక్యత. మత్లాలోని దీపము కితా చివర మరల కనబడుటను కూడ నిస్సంకోచముగా చెప్పవచ్చును. అది పాఠములోనే యున్నది.

కాని కితా ముగిసిన వెంటనే వచ్చు మక్తాలో, తన భావములు అదృశ్యలోకమునుండి వచ్చుచున్నవనియు, కలపు చప్పుడు దేవదూత స్వరమనియు కవి చెప్పుకొనును. దానిని ఆ ఆరిపోయిన దీపమునకు ముడిపెట్టవలెనని నాకు ఇప్పటికిని చేయి దురదపెట్టును. రాత్రి లేదు, సభ లేదు, దీపము లేదు, 'హై' మాత్రమున్నది. అచ్చట అంతవరకే వ్రాయుదును.