మంగళగిరి పానకం వీడియో: చెవికి వినిపించేది కంటికి చూపించడం ఎలా?

మన ఛానెల్ వీడియోలకు తెలుగు క్లోజ్డ్ క్యాప్షన్లు రాసేది నేనే. వినిపించని వాళ్ళకి, తక్కువగా వినిపించే వాళ్ళకి అవి ఎలా రాయాలో మంగళగిరి పానకాల స్వామి వీడియోతోనే చెప్తాను. ఎందుకంటే అక్కడ అసలు విశేషమంతా ఒక శబ్దంలోనే ఉంది.

కొండమీద గుడిలో అర్చకులు స్వామి నోట్లో శంఖంతో బెల్లం పానకం పోస్తారు. గుటకలు వేస్తున్నట్టు శబ్దం వస్తుంది. అది ఆగగానే పోయడం ఆపేసి, మిగిలింది భక్తులకి ప్రసాదంగా ఇస్తారు. ఎంత పెద్ద బిందెతో తెచ్చినా స్వామి సగమే స్వీకరిస్తారని నమ్మకం. ఇప్పుడు సౌండ్ తీసేసి ఇదే చూడండి. ఒకాయన పానకం పోశారు, ఉన్నట్టుండి ఆపేశారు. ఎందుకు ఆపారు? తెరమీద జవాబు ఉండదు. మాటలు మాత్రమే రాసిన క్యాప్షన్ కూడా ఆ జవాబు చెప్పదు.

ఆ భాగం ఫైల్లో ఇలా ఉంటుంది:

```
41
00:03:10,000 --> 00:03:12,500
అర్చకులు: ఇప్పుడు వినండి.

42
00:03:13,000 --> 00:03:15,500
[గుటకలు వేస్తున్నట్టు శబ్దం మొదలైంది]

43
00:03:31,000 --> 00:03:33,500
[గుటకల శబ్దం ఆగింది]
```

ముందు 43వ నంబర్ చూడండి. చాలామంది శబ్దం మొదలవడం రాస్తారు, ఆగడం రాయరు. ఇక్కడ కథ మలుపు తిరిగేది శబ్దం ఆగినప్పుడే. "మొదలైంది" అని రాస్తే "ఆగింది" అనేవరకు అది వినిపిస్తూనే ఉందని చూసేవాళ్ళకి అర్థమవుతుంది. మధ్యలో పదే పదే రాయక్కర్లేదు. టైమింగ్ కూడా ముఖ్యమే. శబ్దం కంటే ముందే క్యాప్షన్ వచ్చేస్తే, మిగతావాళ్ళకి దొరికిన ఆ ఎదురుచూపు వీళ్ళకి దొరకదు.

ఇక మాటల ఎంపిక. "గుట గుట" అని మాత్రమే రాస్తే, ఒకప్పుడు విని తర్వాత వినికిడి తగ్గినవాళ్ళకి తెలుస్తుంది. పుట్టుకతో వినపడనివాళ్ళకి అవి ఉత్త అక్షరాలే. వాళ్ళలో చాలామందికి సంజ్ఞా భాషే మొదటి భాష, తెలుగు చదవడం తర్వాత నేర్చుకున్నది. అందుకే శబ్దం దేని నుంచి వస్తోందో తేలిక మాటల్లో చెప్పాలి.

మరి [స్వామి పానకం తాగుతున్నారు] అని రాయొచ్చు కదా అంటారేమో. రాయకూడదు. బ్రాకెట్లో చెవికి వినిపించింది మాత్రమే ఉండాలి. స్వామి స్వీకరిస్తున్నారని అర్చకులు అంటే, అది ఆయన పేరు కింద ఆయన మాటగా వస్తుంది. భక్తి కలగడం చూసేవాళ్ళ వంతు. వినేవాళ్ళకి మనం ఇచ్చిన ఆ అవకాశమే వీళ్ళకీ ఇవ్వాలి.

అదే సమయంలో గంట, పిల్లల అల్లరి, మెట్లమీద అడుగులు కూడా వినిపిస్తుంటాయి. అన్నీ రాస్తే తెర నిండిపోతుంది, గుటకల శబ్దం అందులో కలిసిపోతుంది. దృశ్యాన్ని మార్చే శబ్దాన్నే ఉంచండి. గంట ఊగడం తెరమీద కనిపిస్తుంటే దాన్ని వదిలేయొచ్చు. కనిపించని గంట మోగి అందరూ అటు తిరిగితే మాత్రం [దూరంగా గుడి గంట] అని రాయాలి.

"అర్చకులు:" లాంటి లేబుల్ ప్రతి వాక్యానికీ అవసరం లేదు. మాట్లాడే మనిషి తెరమీద కనిపించనప్పుడు, లేదా మనిషి మారినప్పుడు పెడితే చాలు. మన వీడియోలో కెమెరా శంఖం మీదే ఉంటుంది, అర్చకుల ముఖం కనిపించదు. అందుకే అక్కడ లేబుల్ తప్పనిసరి. వీడియోలో పేరు ఇంకా చెప్పకపోతే "భక్తురాలు:" అని రాయండి, పేరు ముందే బయటపెట్టొద్దు.

తెలుగుకే ఉన్న ఒక చిక్కు: "లక్ష్మీ" మన కంటికి రెండక్షరాలే, కంప్యూటర్ లెక్కలో మాత్రం ఏడు. కాబట్టి వరుస పొడుగైందని సాఫ్ట్‌వేర్ హెచ్చరించినా, ఫోన్ తెరమీద చూసి మీరే నిర్ణయించుకోండి. రెండు వరుసలు దాటకూడదు. "లక్ష్మీ నరసింహ స్వామి" లాంటి పేరుని వరుసల మధ్య విరగ్గొట్టకూడదు. ఫైల్‌ని UTF-8 లో సేవ్ చేయండి, లేకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులొస్తాయి.

చివర్లో సౌండ్ ఆపి, వీడియో గురించి తెలియని ఒకరికి చూపించండి. "ఆయన పోయడం ఎందుకు ఆపారు?" అని అడగండి. శబ్దం ఆగింది కాబట్టి అని చెప్తే క్యాప్షన్ పనిచేసినట్టే. "పానకం అయిపోయిందేమో" అంటే 43వ నంబర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. వీలైతే ఆ చూసే మనిషి నిజంగా వినపడనివారే అయితే ఇంకా మంచిది. మనకి తట్టని లోటు వాళ్ళకి వెంటనే కనిపిస్తుంది.

జై నారసింహ!