సమాధానం చదివి ఫోన్ చేసేదెవరు?

ఏ.ఎస్. రావు నగర్‌ పేరే ఒక ఇంజనీరుది. 1967లో ఈసీఐఎల్‌ను స్థాపించిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు మీద వెలిసిన కాలనీ ఇది. ఒకపక్క ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ, ఇంకోపక్క చర్లపల్లి పారిశ్రామికవాడ ఉండటంతో ఈ చుట్టుపక్కల ఏ వీధిలో అడిగినా ప్యానెల్ బోర్డుల పనో మోటర్ల పనో తెలిసినవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు. వీళ్లలో చాలామందికి పని బాగా వచ్చు. కానీ ఆ సంగతి నాలుగు వీధులు దాటి ఎవరికీ తెలియదు. పాంప్లెట్లు వేయిస్తే పేపరుతోపాటు చెత్తబుట్టలోకి పోతాయి. అందుకని ఈమధ్య కొందరు కోరాలో జనం అడిగే ప్రశ్నలకు జవాబులు రాస్తున్నారు. రాసేవాళ్లలో ఎక్కువమందికి లైకులు వస్తాయి గానీ ఫోన్లు రావు. ఎందుకు రావో ఒక్క ప్రశ్న పట్టుకుని చూద్దాం.

సబ్‌మెర్సిబుల్ మోటర్లకు కంట్రోల్ ప్యానెళ్లు బిగించే ఒకాయన కుషాయిగూడలో చిన్న షాపు నడుపుతున్నాడనుకుందాం. కోరాలో ఇలాంటి ప్రశ్న కనపడింది: "మా బోరు మోటరు 1.5 హెచ్‌పీ, సింగిల్ ఫేజ్. 330 అడుగుల్లో దించాం. సాయంత్రం పూట ఆన్ చేసిన నాలుగైదు నిమిషాలకు ట్రిప్పవుతోంది. కెపాసిటర్లు రెండుసార్లు మార్చాం. కేబుల్ 2.5 ఎస్‌క్యూఎంఎం. అది మార్చేసి 4 వేయించమంటున్నారు. వేయించాలా?"

ఇలాంటి వాటి కింద సాధారణంగా రెండు రకాల జవాబులు కనపడతాయి. "చాలా కారణాలు ఉండొచ్చు, మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి" అన్నది ఒకటి. "అవును, 4 వేయించండి, మా దగ్గర దొరుకుతుంది" అంటూ చివర ఫోన్ నంబరు పెట్టేది రెండోది. మొదటిది చదివినవాడికి ఒరిగేదేమీ లేదు. రెండోదాన్ని కోరావాళ్లే స్పామ్ కింద తొలగించే అవకాశం ఉంది, పైగా ఈ కేసులో ఆ సలహా తప్పు కూడా.

ఎందుకు తప్పో లెక్క వేస్తే తెలుస్తుంది. 2.5 ఎస్‌క్యూఎంఎం రాగి తీగకు కిలోమీటరుకు సుమారు 8 ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది. 330 అడుగులంటే వంద మీటర్లు. కరెంటు పోనూ రానూ రెండు వందల మీటర్లు ప్రయాణించాలి కాబట్టి 1.6 ఓమ్‌లు. ఈ మోటరు నడిచేటప్పుడు పది ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే కేబుల్‌లో పోయేది 16 వోల్టులు. అదే 4 ఎస్‌క్యూఎంఎం వేస్తే కిలోమీటరుకు 5 ఓమ్‌లు, అంటే పది వోల్టులు పోతాయి. వేలకు వేలు పోసి, బోరులోంచి మోటరు పైకి లాగి, కొత్త కేబుల్ దించితే మిగిలేది ఆరు వోల్టులు. సాయంత్రం ప్యానెల్ దగ్గరే 230కి బదులు 200 చూపిస్తోందనుకుంటే ముప్ఫై వోల్టులు కేబుల్ దాకా రాకముందే పోయాయి. మోటరుకు చేరేది 184. అంత తక్కువ వోల్టేజీలో అదే నీటిని పైకి తోయాలంటే మోటరు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కి నాలుగైదు నిమిషాల్లో ఓవర్‌లోడ్ పడిపోతుంది. కెపాసిటర్ ఎన్నిసార్లు మార్చినా ఆగదు.

అయితే 4 వేయడం ఎప్పుడూ దండగేనా అంటే, కాదు. స్విచ్ వేయగానే మోటరు మూడు రెట్లు కరెంటు లాగిందనుకుంటే, ఆ క్షణంలో 2.5 కేబుల్‌లో 48 వోల్టులు పడిపోతాయి, 4 లో అయితే ముప్ఫై. మోటరు మూలిగి తిరగకుండానే ట్రిప్పయ్యే ఇంట్లో ఆ పద్దెనిమిది వోల్టుల తేడా పనికొస్తుంది. తిరిగి, నీళ్లిచ్చి, నాలుగు నిమిషాల తర్వాత ఆగేచోట పెద్దగా పనికిరాదు. ప్రశ్న వేసినాయన "నాలుగైదు నిమిషాలకు" అని రాశాడు. ఆ మాటను వదలకుండా పట్టుకున్నవాడు పని తెలిసినవాడని చదివేవాళ్లు వెంటనే గుర్తుపడతారు.

అందుకని షాపాయన రాయాల్సిన జవాబు మొదటి వాక్యంలోనే తేల్చేయాలి: "ఇప్పుడే కేబుల్ మార్చకండి." ఆ తర్వాత పై లెక్క. ఆ తర్వాత చదివేవాళ్లు చేయించుకోగల పరీక్ష. మోటరు ఆపి ప్యానెల్ దగ్గర వోల్టేజీ చూడాలి, నడుస్తుండగా మళ్లీ చూడాలి. ఆపినప్పుడు 225 ఉండి, నడుస్తుండగా 195కి పడితే స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరులోనో న్యూట్రల్ జాయింటులోనో లోపం ఉంది. ఆపినా నడిపినా 200 దగ్గరే ఉంటే లైన్ వోల్టేజీయే తక్కువ, అది కరెంటాఫీసుకు చెప్పాల్సిన సంగతి. వోల్టేజీ బాగానే ఉండి, క్లాంప్ మీటరులో కరెంటు మాత్రం నేమ్‌ప్లేటు మీద ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తే అనుమానం మోటరు మీదకో పంపులో చేరిన ఇసుక మీదకో పోతుంది. ప్యానెల్ మూత తీస్తే లోపల కరెంటు ఉంటుంది కాబట్టి ఈ రీడింగులు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ చేతే తీయించాలన్న మాట తప్పకుండా ఉండాలి. ఆ హెచ్చరిక లేని జవాబు చదివి ఎవరైనా చెయ్యి పెడితే పేరు మాట అటుంచి ప్రాణం పోతుంది.

ఆఖర్న హద్దు చెప్పాలి. రీడింగులన్నీ సరిగ్గా ఉన్నా ట్రిప్పవుతుంటే వైండింగ్ ఇన్సులేషన్‌ను మెగ్గర్‌తో చూడాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు అని. ఫోన్ కాల్ పుట్టేది సరిగ్గా ఇక్కడే. జవాబులో తన సమస్య తీరినవాడు దండం పెట్టి వెళ్లిపోతాడు, వెళ్లనివ్వాలి. తీరనివాడు మాత్రం ఇంత చెప్పినాయన ఎవరా అని పేరు మీద నొక్కి ప్రొఫైల్ చూస్తాడు. అక్కడ "వ్యాపారవేత్త, ప్రకృతి ప్రేమికుడు" అని ఉంటే లాభం లేదు. "సబ్‌మెర్సిబుల్ మోటర్లు, కంట్రోల్ ప్యానెళ్లు, ఈసీఐఎల్, కాప్రా, సైనిక్‌పురి ప్రాంతాల్లో" అని ఉండాలి. నంబరుకు చోటు అదే, జవాబు కింద కాదు.

జవాబు ఏ భాషలో రాయాలన్నది కూడా ఆలోచించుకోవాలి. ఇంగ్లీషులో రాస్తే చదివేవాడు పుణేలో ఉండొచ్చు, నైరోబీలో ఉండొచ్చు. మోటరు బాగుచేసేవాడికి వాళ్లతో బేరం కుదరదు. తెలుగు కోరాలో చదివేవాళ్లు తక్కువే అయినా వాళ్లలో మల్కాజిగిరివాడో ఘట్‌కేసర్‌వాడో ఉండే అవకాశం ఎక్కువ. డిజైన్ డ్రాయింగులు పంపి డబ్బు తీసుకునేవాళ్లకైతే ఇంగ్లీషే మేలు.

జవాబు పనిచేస్తోందో లేదో లైకులు చూసి తేల్చుకోవడం వృథా. ఫోన్ చేసినవాడు మొదట ఏమంటాడో వినాలి. "రేటెంత సార్?" అంటే ఏదో బోర్డు చూసి చేశాడని. "అన్నా, ఆపినప్పుడు 222, వేస్తే 218, కరెంటు పదమూడు చూపిస్తోంది" అంటే జవాబు చదివి, పరీక్ష చేయించి మరీ చేశాడని. నేమ్‌ప్లేటు మీద పది ఉందంటే షాపాయనకు సగం పని ఫోన్లోనే అయిపోయినట్టు. వెళ్లేముందు మెగ్గర్, మోటరు పైకి లాగే చైన్ పుల్లీ రెండూ బండిలో వేసుకుంటాడు. అదే అనంతపురం నుంచి వచ్చిన ఫోనైతే ఆ రీడింగులు విని, అక్కడి మెకానిక్‌ను ఏం అడగాలో చెప్పి, కావాలంటే ఆ సలహాకు ఇంతని తీసుకోవచ్చు. ముందే చెప్పి తీసుకుంటే ఎవరూ తప్పుపట్టరు.