ఉత్పత్తి జీవనచక్రం: అరకు కాఫీతో అధ్యయనం

ఉత్పత్తి జీవనచక్రంలో నాలుగు దశలు: ప్రవేశం, వృద్ధి, పరిపక్వత, క్షీణత. థియోడర్ లెవిట్ 1965లో రాసిన వ్యాసంతో ఇది బాగా ప్రాచుర్యం పొందింది.

సీలేరు ఉన్న గూడెం కొత్తవీధి మండలంలో గిరిజన రైతులు కాఫీ పండిస్తారు. వారి పంటనే ఉదాహరణగా తీసుకుంటే, కాఫీ అనే సరుకు ఏనాడో పరిపక్వ దశకు చేరింది. కానీ 'అరకు' కాఫీ బ్రాండు 2017లో పారిస్‌లో దుకాణం తెరిచినప్పుడు అక్కడ దానిది ప్రవేశ దశే. పరీక్షలో అభ్యర్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే: ప్రశ్న సరుకు గురించా, బ్రాండు గురించా అన్నది ముందు తేల్చుకోవాలి.

ప్రవేశ దశలో అమ్మకాలు తక్కువ, ప్రచార ఖర్చు ఎక్కువ. ప్రత్యేకత ఉన్న సరుకుకు అధిక ధర వ్యూహం నప్పుతుంది. త్వరగా మార్కెట్ పట్టాలంటే తక్కువ ధరతో చొచ్చుకుపోవాలి. 2019లో అరకు అరబికాకు దక్కిన భౌగోళిక గుర్తింపు మొదటి దారికి బలం.

వృద్ధిలో పోటీదారులు వస్తారు, కాబట్టి పంపిణీ విస్తరించి బ్రాండుపై మక్కువ పెంచాలి. పరిపక్వతలో అమ్మకాల వేగం తగ్గుతుంది; కొత్త వినియోగదారులను వెతకాలి, ఉత్పత్తిని మార్చాలి. క్షీణతలో ఖర్చు తగ్గించి, లాభం పిండుకుని తప్పుకోవడం మేలు.

గుర్తుంచుకోండి: లాభాలు సాధారణంగా అమ్మకాల కంటే ముందే శిఖరానికి చేరతాయి.