నాన్నను అప్పడుగుతూ రాసే ఉత్తరం

మా తమ్ముడి కూతురూ అల్లుడూ హైదరాబాద్‌లో 60 లక్షల ఫ్లాట్ చూసుకున్నారు. డౌన్ పేమెంటుకు తక్కువపడిన డబ్బు తండ్రిని అప్పుగా అడుగుతూ ఉత్తరం రాసి, "పెదనాన్నా, పంపేముందు ఒకసారి చూడండి" అని నా చేతిలో పెట్టారు. బ్యాంకులో ఇంటి రుణాల సీట్లో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. ముగ్గురం కూర్చుని ఆ ఉత్తరాన్ని తిరగరాశాం.

1. ఎంత కావాలో చెప్పేముందు ఎందుకంత కావాలో చూపించండి. వాళ్ల మొదటి ఉత్తరంలో "ఒక 8 లక్షలు సర్దితే" అని మాత్రమే ఉంది. తండ్రికి ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలి. రుణం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. అంటే బ్యాంకు 48 లక్షలిస్తుంది, 12 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చుల్ని ఇంటి విలువలో కలపరు కాబట్టి ఏడున్నర శాతం చొప్పున మరో నాలుగున్నర లక్షలు కావాలి. మొత్తం 16.5 లక్షలు. పిల్లల దగ్గర 8.5 ఉన్నాయి. ఈ నాలుగు వరుసలూ ఉత్తరంలో మొదటికి తెచ్చాం.

2. తీర్చే పద్ధతి నాన్నగారు పెన్సిలుతో లెక్కేసుకోగలిగేలా ఉండాలి. "వీలైనంత త్వరగా తీరుస్తాం, వడ్డీ మీ ఇష్టం" అన్న వాక్యం కొట్టేయించాను. వడ్డీ మాట పెద్దవాళ్ల నోట రాదు, పిల్లలే చెప్పాలి. అది ఆయన ఫిక్సెడ్ డిపాజిట్‌కు వచ్చేదానికంటే తగ్గకూడదు. ఆయనకు ఏడు పైచిలుకు వస్తోంది కాబట్టి ఏడున్నర శాతం అనుకున్నాం. నెలకు అసలు 10,000, మిగిలిన బాకీ మీద ఆ నెల వడ్డీ. మొదటి నెల వడ్డీ 5,000, మొత్తం 15,000. ఆ తర్వాత నెలనెలా అరవై రెండున్నర రూపాయలు తగ్గుతుంది. 80 నెలల్లో బాకీ తీరుతుంది, వడ్డీ మొత్తం 2,02,500. ఆ వడ్డీ ఆయన ఆదాయం కిందికి వస్తుంది, రిటర్నులో చూపించాలని కూడా రాయించాను.

3. ఆ డబ్బు ఆయన దగ్గర ఏ రూపంలో ఉందో ముందు అడగండి. గడువు తీరని డిపాజిట్ తీస్తే వడ్డీ తగ్గుతుంది. మా తమ్ముడికి ఒక డిపాజిట్ గడువు రెండు నెలల్లో తీరుతుంది. రిజిస్ట్రేషన్ తేదీ దానికి తగ్గట్టు పెట్టుకోమన్నాను. అమ్మానాన్నల వైద్యానికి ఉంచుకున్న డబ్బైతే అసలు అడగొద్దు.

4. డబ్బు బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకే వెళ్లాలి. కన్న తండ్రి దగ్గరైనా 20,000 రూపాయలు, ఆపైన అప్పును నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, తీసుకున్నంత మొత్తమూ జరిమానా పడవచ్చు. ఇంకొకటి. మార్జిన్ డబ్బు ఎక్కడిదని బ్యాంకు అడిగితే, నాన్న కానుకగా ఇచ్చారని రాసిమ్మని సలహా చెప్పేవాళ్లుంటారు. తీర్చే అప్పును కానుక అని రాయకండి. అప్పని చెబితే నెలకు ఆ 15,000 మీ వాయిదాల్లో కలిపి చూస్తారు, రుణం కాస్త తగ్గవచ్చు. అలా తగ్గిందంటే ఆ ఇల్లు మీ జీతానికి పెద్దదైందని అర్థం.

5. కష్టకాలం గురించి ముందే రాసుకోండి. పిల్లలు మొహమాటపడింది ఇక్కడే, నేను ఎక్కువసేపు పట్టుబట్టిందీ ఇక్కడే. ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోతే ఆరు నెలలు వడ్డీ మాత్రమే కడతారు. నాన్నగారికి ఆసుపత్రి అవసరం వస్తే, అడిగిన నెలలోపు లక్ష రూపాయలు ఒక్కసారిగా ఇస్తారు. ఆయన లేకపోతే మిగిలిన బాకీ అమ్మ ఖాతాకు వెళుతుంది. అల్లుడు "మామయ్యగారికి ఇలా రాయడం బాగుంటుందా?" అన్నాడు. తమ్ముడి భార్యకు అదొక్కటే ధీమా అని చెప్పాను.

ఈ అప్పుకు డిమాండ్ ప్రోనోటు రాసిచ్చినా దానికి మూడేళ్లకు కాలదోషం పడుతుంది. అందుకని ఏటా ఉగాదికి ఎంత బాకీ ఉందో కాగితం మీద రాసి పిల్లలిద్దరూ సంతకం చేసి ఇస్తామన్న వాక్యం చేర్చాం. గడువులోపు అలా రాసిచ్చిన ప్రతిసారీ మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి.

6. తోడబుట్టినవాళ్లకు ఒక నకలు పంపండి. తమ్ముడికి కొడుకు కూడా ఉన్నాడు. అక్కకు ఎంత ఇచ్చారో, ఎంత తిరిగొచ్చిందో తెలియకపోతే రేపు పంపకాల్లో ఆ 8 లక్షలే మాటకొస్తాయి.

ఇక ఉత్తరం అందుకునే తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ రోజే జవాబు చెప్పకండి. ఇవ్వలేకపోతే ఇవ్వలేమని, సగమే ఇవ్వగలిగితే సగమని, ఫ్లాటుకు అడ్వాన్సు కట్టకముందే పిల్లలకు చెప్పండి.