పడుకునే ముందు కథ: చిన్నికృష్ణుడు, పండ్లమ్మే అవ్వ

ఈ సంచికలో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు రాత్రి పడుకునే ముందు చెప్పే ఒక కథ ఇస్తున్నాం. కథ మీకు తెలిసిందే. దాన్ని ఎలాంటి తెలుగులో చెప్పాలన్నదే ఈ పాఠం. ఆదివారం తరగతిలో మేము తరచూ చూసేది ఒకటుంది. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన పిల్లలు కూడా కథ మధ్యలో "హూ?" అని అడుగుతారు. ఆ పని ఎవరు చేశారో వాళ్ళకు అందలేదన్నమాట. అమ్మో నాన్నో అక్కడ ఇంగ్లీషులోకి మారతారు. ఇక ఆ రాత్రికి కథ మళ్ళీ తెలుగులోకి రాదు.

ఆ ప్రశ్న ఎక్కడ పుడుతుందో చూద్దాం. పెద్దవాళ్ళం ఈ కథను మామూలుగా ఇలా చెప్తాం:

"పండ్లమ్మే ఆవిడ కేక విని, కృష్ణుడు లోపలికి వెళ్ళి గింజలు దోసిట్లో తీసుకుని వస్తుంటే, అవన్నీ వేళ్ళ సందుల్లోంచి జారిపోగా, మిగిలిన రెండు గింజలు చూసి జాలిపడి, చేతుల నిండా పండ్లు పెట్టింది."

చక్కటి తెలుగే. కానీ ఇందులో ముగ్గురు కర్తలున్నారు: కృష్ణుడు, గింజలు, ఆవిడ. పనులు ఎనిమిది. వాటిలో "పెట్టింది" అన్న ఒక్క మాటే ఎవరు చేశారో చెబుతుంది. విని, వెళ్ళి, చూసి, జాలిపడి అన్న మాటలకు ఆడా మగా గుర్తు లేదు. జాలిపడింది కృష్ణుడా, ఆవిడా? మనకు కథ ముందే తెలుసు కాబట్టి తడబడం. నాలుగేళ్ళ పిల్లాడు మాత్రం వాక్యం చివరిదాకా అన్నీ మనసులో మోసుకుంటూ వెళ్ళాలి. సగం దారిలోనే చేయి ఎత్తేస్తాడు.

అందుకని మేము కర్త మారిన చోటల్లా వాక్యం ఆపాం. "జారిపోగా", "వస్తుంటే" లాంటివి కర్తను మధ్యలో మార్చేస్తాయి, వాటిని పూర్తిగా తీసేశాం. "వెళ్ళి", "చూసి" లాంటివి వాక్యానికి ఒకటికి మించి ఉంచలేదు, అదీ రెండు పనులూ ఒకరే చేసినప్పుడే. అసలు ఒక్కటీ లేకుండా ముక్కలు చేస్తే కథ వంట పుస్తకంలా వినిపిస్తుంది.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. అవ్వ నవ్వింది, బుట్ట నిండింది. మనిషికీ వస్తువుకీ ఒకటే "ఇంది". పేరు వదిలేసి "చూసింది, పెట్టింది, నిండింది" అంటూ పోతే నిండింది ఏమిటో తెలియదు. కాబట్టి "ఆవిడ", "అది" అనకుండా అవ్వ, బుట్ట అని ప్రతిసారీ పేరే చెప్పండి. మన చెవికి విసుగనిపించే ఈ తిరిగి చెప్పడమే పిల్లలకు ఊతం.

కాలం సంగతి. కథలో ఊపు రాగానే చాలామందిమి "కృష్ణుడు పరుగెత్తుతాడు, అవ్వ నవ్వుతుంది" అంటాం. "రేపు తాతగారు వస్తారు" అన్నప్పుడూ ఇదే రూపం. అందుకే కొందరు పిల్లలు కృష్ణుడు ఇంకా పరుగెత్తలేదనుకుంటారు. జరిగిపోయిన కాలంలోనే మొదలుపెట్టి దాంట్లోనే ముగించండి: పరుగెత్తాడు, నవ్వింది. పాత్రల మాటల్లో మాత్రం "ఇస్తావా", "ఇస్తాను" ఉండొచ్చు. అవి గొంతు మార్చి చెప్తాం కాబట్టి తికమక రాదు. "ఉండేదట" లోని "అట" మొదటి వాక్యంలో ఒక్కసారి చాలు.

ఇక మాటలు. "పళ్ళు" అంటే నోట్లో పళ్ళు కూడా, అందుకే ఇక్కడ "పండ్లు" అన్నాం. "పేదరాలు", "జాలి" తీసేశాం. అవ్వ మంచితనం ఆమె నవ్వులోనే తెలుస్తుంది. ఒక్క కొత్త మాట మాత్రం కావాలనే ఉంచాం: దోసిలి. రెండు చేతులూ కలిపి చూపిస్తే చాలు, అర్థం చెప్పక్కర్లేదు. "దోసిట్లో" అంటే మాట రూపు మారిపోతుంది కనుక "దోసిలిలో" అన్నాం. గబగబా, జలజలా, తళతళా లాంటివి ఎన్ని ఉన్నా బరువు కావు, చప్పుడే సగం అర్థం చెబుతుంది.

ఈ కథ భాగవతం దశమ స్కంధంలో రెండే శ్లోకాల్లో ఉంది. అక్కడ పండు పేరు లేదు, అమ్మే ఆవిడ వయసూ లేదు. మామిడిపండ్లు, అవ్వ, చివరి నిద్ర మేము చేర్చుకున్నవే.

అనగనగా ఒక ఊరు ఉండేదట. ఆ ఊరి పేరు గోకులం. గోకులంలో చిన్నికృష్ణుడు ఉండేవాడు.

ఒక రోజు ఒక అవ్వ వచ్చింది. అవ్వ నెత్తి మీద బుట్ట ఉంది. బుట్ట నిండా మామిడిపండ్లు ఉన్నాయి.

"పండ్లు! తియ్యటి పండ్లు!" అని అవ్వ పిలిచింది.

కృష్ణుడు ఆ పిలుపు విన్నాడు. కృష్ణుడికి పండు తినాలనిపించింది. కృష్ణుడు లోపలికి వెళ్ళి దోసిలి పట్టాడు. దోసిలి నిండా గింజలు తీసుకున్నాడు. గబగబా పరుగెత్తాడు.

కృష్ణుడి చేతులు చిన్నవి. కృష్ణుడి వేళ్ళు చిన్నవి. గింజలు జలజలా జారాయి. కొన్ని గింజలు గడప దగ్గర పడ్డాయి. కొన్ని గింజలు వాకిట్లో పడ్డాయి.

కృష్ణుడు అవ్వ దగ్గరికి వచ్చాడు. దోసిలి చూపించాడు. దోసిలిలో రెండే గింజలు ఉన్నాయి!

"అవ్వా, నాకు పండ్లు ఇస్తావా?" అని కృష్ణుడు అడిగాడు.

అవ్వ గింజలు చూసింది. అవ్వ కృష్ణుణ్ణి చూసింది. అవ్వ నవ్వింది.

"ఇస్తాను నాయనా. దోసిలి పట్టు" అని అవ్వ అంది.

అవ్వ ఒక పండు పెట్టింది. అవ్వ ఇంకో పండు పెట్టింది. కృష్ణుడి దోసిలి నిండింది. కృష్ణుడు నవ్వాడు.

అవ్వ బుట్ట ఎత్తుకుంది. బుట్ట బరువుగా ఉంది. అవ్వ ఇంటికి వెళ్ళి బుట్ట దించింది. బుట్ట తళతళా మెరిసింది. బుట్ట నిండా రత్నాలు ఉన్నాయి!

అవ్వ కృష్ణుణ్ణి తలుచుకుంది. ఆ రాత్రి అవ్వ హాయిగా నిద్రపోయింది. చిన్నికృష్ణుడు కూడా నిద్రపోయాడు.

మొదటి రెండు రాత్రులు ఉన్నదున్నట్టు చెప్పండి. మూడో రాత్రి వాక్యం చివరి మాట ముందు ఆగండి. "గింజలు జలజలా..." అన్నారనుకోండి, పాప "జారాయి" అంటే అందినట్టే. "జారింది" అంటే తప్పని ఆపొద్దు. "అవును, గింజలు జారాయి" అని మీరు పూర్తి వాక్యం చెప్పి సాగిపోండి. ఏమీ అనకపోతే ఆ మాట కొత్తదన్నమాట, చేత్తో చేసి చూపించండి. "హూ?" అని అడిగితే మీరు అక్కడ పేరు వదిలేసి ఉంటారు, పేరు చేర్చి మళ్ళీ చెప్పండి.

ఇది చిన్నపిల్లల తెలుగు. ఎప్పటికీ ఇలాగే చెబితే పొడుగు వాక్యం వాళ్ళ చెవికి ఎప్పటికీ కొత్తగానే ఉండిపోతుంది. చివరి మాటలు తడుముకోకుండా అందిస్తున్నప్పుడు, ఒకరే చేసిన రెండు పనులను కలపడం మొదలుపెట్టండి. "అవ్వ కృష్ణుణ్ణి చూసింది. అవ్వ నవ్వింది" అన్నది "అవ్వ కృష్ణుణ్ణి చూసి నవ్వింది" అవుతుంది. కర్త మారే "జారిపోగా", "వస్తుంటే" చివరికి ఉంచండి. వాటికి ఏడేళ్ళు దాటినా తొందర లేదు.