ఏడుపు లేని దుఃఖం

చెల్లీ, బుద్ధుడు అంతా దుఃఖమే అన్నాడంటారు, మరి పిల్లలూ పండగలూ ఇచ్చే సంతోషం మాటేమిటక్కా అని అడిగావు. ఆయన సంతోషాన్ని కాదనలేదు తల్లీ. సారనాథ్‌లో అయిదుగురు తపస్వులకి చేసిన తొలి బోధలో నాలుగు సత్యాలు చెప్పాడు: దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, అది ఆగిపోవడం ఉంది, అందుకు దారి ఉంది. చాలామంది మొదటి మాట దగ్గరే ఆగిపోతారు.

ఆయన శిష్యుడు సారిపుత్రుడు దుఃఖం మూడు రకాలన్నాడు. సంక్రాంతికి బెంగళూరు నుంచి కూతురు వచ్చిందనుకో. అరిసెలు వండుతూ నిలబడితే నీ మోకాలు సలుపుతుంది. ఇది మొదటిది, అందరికీ తెలిసిన నొప్పి. పిల్ల పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంటే ప్రాణం లేచొస్తుంది. అంతలోనే, సోమవారం బస్సెక్కేస్తుందని గుండె చివుక్కుమంటుంది. అది రెండోది. నీ సంతోషం అబద్ధం కాదు, అది మారిపోయేది, అంతే. మూడోది పట్టుకోవడం కష్టం. నొప్పీ లేదు, ఎడబాటూ లేదు, అయినా ఈ ఒంటినీ మనసునీ ఇంటినీ క్షణక్షణం నిలబెట్టుకుంటూ ఉండాలి. ఆకలి తీరితే మళ్ళీ ఆకలి, ఓ పక్కకి ఒరిగితే కాసేపటికి మరో పక్కకి. ఎన్నో కారణాల మీద నిలబడ్డ ఏదీ పూర్తిగా మన చేతిలో ఉండదు. దాన్నే ‘నేను’, ‘నాది’ అని గట్టిగా పట్టుకుంటాం. బుద్ధుడు చెప్పిన దుఃఖం అసలు లోతు ఇక్కడుంది.

రెండో సత్యంలో, ఈ దుఃఖానికి కారణం తృష్ణ అన్నాడు. కూతురి మీద ప్రేమను తప్పుపట్టాడనుకోకు. ఈ సుఖం ఇంకా కావాలి, నేనెప్పుడూ ఇలాగే ఉండాలి, ఇదసలు లేకుండా పోవాలి అంటూ లోపల పుట్టే ఆ లాగుడే తృష్ణ.

అది పూర్తిగా ఆరిపోవడమే మూడో సత్యం, నిరోధం. అప్పుడు మోకాలి నొప్పి కూడా పోతుందా అంటే, పోదు. ముసలితనంలో బుద్ధుడికే నడుం నొప్పి వచ్చి, బోధ సారిపుత్రుడికి అప్పగించి పడుకున్నాడని పాళీ గ్రంథాల్లో ఉంది. ఆ మాట చదివినప్పుడల్లా నాకాయన ఎంతో దగ్గరవాడనిపిస్తాడు. నొప్పి ఉంది, దాని మీద పెనుగులాట లేదు.

నాలుగోది అష్టాంగ మార్గం. సరైన చూపు, మాట, నడత, బతుకుతెరువు, ధ్యానం వంటి ఎనిమిది అంగాలనూ కలిపి సాధన చేయాలి.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోమ్మా. నాలుగింటికీ నాలుగు పనులు చెప్పాడాయన. దుఃఖాన్ని తెలుసుకోవాలి, తృష్ణను వదలాలి, నిరోధాన్ని స్వయంగా చూడాలి, మార్గాన్ని సాధన చేయాలి. మనం దుఃఖాన్నే వదిలించుకోబోతాం. పిల్ల బ్యాగు సర్దుకుంటుంటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది చూడు, దాన్ని దిగమింగకు, నిన్ను నువ్వు తిట్టుకోకు. అందులో ప్రేమ ఏ మేరకు ఉంది, ‘వెళ్ళకూడదు’ అనే పట్టు ఏ మేరకు ఉందీ అని నెమ్మదిగా చూడు. రెండూ వేరని తెలిస్తే, వదలాల్సింది ఏదో నీకే తెలుస్తుంది.