ప్రశ్నలు - జవాబులు: యాడ్‌ను రోజూ కెలికితే...

ప్రశ్న: ప్రొద్దుటూరులో చీరలు తెచ్చి వాట్సాప్‌లో అమ్ముతుంటాను. రోజుకు 300 రూపాయలతో ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ పెట్టాను. సోమవారం మెసేజ్‌లు బాగా వచ్చాయి. మంగళవారం తగ్గితే ఫొటో మార్చాను. బుధవారం వయసు 25-45కి కుదించాను. గురువారం ఇంకో వీడియో చేర్చాను. శుక్రవారం బడ్జెట్ 700 చేశాను. ఎప్పుడు చూసినా ‘లెర్నింగ్’ అనే ఉంటుంది. డబ్బు గుంజడానికి వాళ్లు వేసిన ఎత్తు కాదా ఇది?
– ఒక పాఠకురాలు, వీరపునాయునిపల్లె

జవాబు: కాదమ్మా. ఆ ఎత్తు మీ మీద మీరే వేసుకున్నారు. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి గనక కాస్త వివరంగానే చెబుతాను.

మీ యాడ్ ఎవరికి చూపిస్తే మెసేజ్ పెడతారో మెటాకు మొదటి రోజు తెలియదు. రకరకాల వాళ్లకు చూపించి, ఎవరు స్పందించారో గమనించి, అంచనా కట్టుకుంటుంది. ఆ దశే లెర్నింగ్. ఒక యాడ్ సెట్‌కు, చివరి పెద్ద మార్పు జరిగిన నాటి నుంచి వారంలో 50 దాకా ఫలితాలు రావాలని మెటా చెబుతుంది. ఫలితం అంటే మీరు కోరుకున్న పని. మీ విషయంలో మెసేజ్ మొదలవడం. అంతవరకూ ఖర్చు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. మంగళవారం మీకు కనిపించిన తగ్గుదల ఆ ఊగిసలాటే.

ఇప్పుడు మీ వారం చూద్దాం. బట్టల కొట్లో కొత్తగా చేరిన కుర్రాణ్ని సోమవారం పట్టుచీరల దగ్గర, మంగళవారం పంచెల దగ్గర, బుధవారం చిన్నపిల్లల గౌన్ల దగ్గర నిలబెడితే వాడికి ఏ గిరాకీ అయినా పట్టుబడుతుందా? ఫొటో మారితే పాత ఫొటోకు స్పందించినవాళ్ల లెక్క కొత్తదానికి పూర్తిగా పనికిరాదు. వయసు కుదిస్తే చూసే జనమే మారిపోతారు. అదే యాడ్ సెట్‌లో కొత్త వీడియో చేర్చినా, బడ్జెట్‌ను ఒక్కసారిగా రెట్టింపు చేసినా అంతే. నాలుగు రోజుల్లో నాలుగుసార్లు మొదటికొచ్చారు.

కదల్చకుండా వదిలి ఉంటే? ఒక్కో మెసేజ్‌కు 30 రూపాయలు పడుతుందనుకుందాం. 300కు రోజుకు 10, వారానికి 70. అంటే అయిదారు రోజుల్లో 50 దాటేవి. అదే 300ను మూడు యాడ్ సెట్లకు పంచితే ఒక్కోదానికి వారానికి 23 మాత్రమే. ఏదీ గట్టెక్కదు. వెబ్‌సైట్‌లో కొనుగోలే కావాలని పెట్టి, ఒక్కో కొనుగోలుకు 400 పడితే వారానికి అయిదే. అప్పుడు ‘లెర్నింగ్ లిమిటెడ్’ అని చూపిస్తుంది. ఓపిక పడితే పోయేది కాదు అది. యాడ్ సెట్లు కలపాలి, బడ్జెట్ పెంచాలి, లేదా ఇంకా తరచుగా జరిగే పనిని కోరుకోవాలి.

కాబట్టి యాడ్ సెట్ ఒక్కటే ఉంచండి. రెండు మూడు ఫొటోలు మొదటి రోజే పెట్టండి. వారం ముట్టుకోకండి. తర్వాత బడ్జెట్ కొద్దికొద్దిగా పెంచండి. ఒకసారికి 20 శాతం మించకూడదని ఈ పని చేసేవాళ్లు పాటిస్తారు. అది వాళ్ల లెక్కే గానీ మెటా గీసిన గీత కాదు.

ఇంకొకటి, నా పాత పాటే. మీరు అడిగింది మెసేజ్‌లు, మెటా వెతికేదీ మెసేజ్ పెట్టేవాళ్లనే. వాళ్లు కొంటారో లేదో దానికి పట్టదు. వారం తర్వాత కూడా ‘ఎంత?’ అని అడిగి మాయమవుతుంటే సెట్టింగులు తిప్పడం కాదు, ఫొటో మీదే ధర వేయండి. సాయంత్రం వచ్చిన మెసేజ్‌కు మర్నాడు జవాబిచ్చే అలవాటుంటే ముందు అది మానండి. లెర్నింగ్ ముగిసినంత మాత్రాన చెడ్డ యాడ్ మంచిదైపోదు. అది చెడ్డదని నమ్మకంగా తెలుస్తుంది, అప్పుడు తీసేయొచ్చు.

ప్రశ్న: గండికోటకు వచ్చేవాళ్ల కోసం గదులున్నాయి. యాడ్‌ను సోమవారం ఆపి శుక్రవారం మళ్లీ ఆన్ చేస్తాను. లెర్నింగ్ రీసెట్ అవుతుందా? – జమ్మలమడుగు

జవాబు: ఏడు రోజులు, అంతకుమించి ఆపి మళ్లీ తెరిస్తేనే అవుతుంది. కానీ మూడు రోజుల్లో 50 ఎక్కడ తెస్తారు? పైగా శనివారం ప్రయాణం పెట్టుకునేవాళ్లు బుధ, గురువారాల్లోనే గది వెతుకుతారు. మీరు ఆపేది సరిగ్గా అప్పుడే.

ప్రశ్న: యాడ్ పేరు మారిస్తే? – పులివెందుల

జవాబు: ఏమీ కాదు.

ప్రశ్న: యాడ్‌లో ఫోన్ నంబరు తప్పు పడింది. లెర్నింగ్ పోతుందని వారం ఆగమంటారా? – ప్రొద్దుటూరు

జవాబు: ఈ క్షణమే మార్చండి. తప్పు నంబరు, తప్పు ధర, అయిపోయిన సరుకు... వీటికి వారం ఆగేది లేదు.

ఇకమీద యాడ్ గురించి రాసేవాళ్లు ఏ తేదీన ఏం మార్చారో కూడా రాసి పంపండి. అది లేని ఉత్తరానికి జవాబివ్వను.